1200 మిల్లీలీటర్లలో ఏమేం పట్టాలి?

గుండె బలహీనపడి కాళ్లకు నీరు చేరిన పెద్దాయన ఒకరు పక్షవాతంతో ఆస్పత్రిలో చేరారనుకుందాం. మింగడం కష్టమైంది కాబట్టి ముక్కులోంచి గొట్టం వేశారు. ఒంట్లో నీరు తీసేస్తే ఆయన బరువు 55 కిలోలు. కేసు షీటులో డాక్టరుగారు ‘రోజుకు ద్రవాలు 1200 మి.లీ.’ అని రాశారు. మందుల చీటీలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్ ఉంది. నడుము కింద పుండు మొదలవుతోంది కాబట్టి మాంసకృత్తులు బాగా అందాలి. మంచం పక్కన కూర్చున్న కొడుకు మాత్రం ఒకటే అడుగుతున్నాడు: “మేడమ్, నాన్న నోరు పిడచకట్టుకుపోతోంది. కొంచెం కొబ్బరినీళ్లు గొట్టంలో పోయొచ్చా?”

ఇలాంటి రోగి గురించి గుండె డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, మింగడంలో తర్ఫీదు ఇచ్చే థెరపిస్టు, డైటీషియన్ కలిసి కూర్చునే సమావేశానికి డైటీషియన్ ఒక ప్రణాళిక రాసుకొస్తారు. ‘క్యాలరీలు పెంచాలి, నీళ్లు తగ్గించాలి’ అని రాసుకొస్తే ఆ కాగితం ఎవరికీ అక్కరకు రాదు. ముందు ఆ 1200 ఎక్కడెక్కడికి పోతోందో చూపాలి.

అందుకని మొదటి పని మూడు రోజుల చార్టు తిరగేయడం. నీటి పరిమితి వచ్చిందని వార్డులో ఫీడును 900 మి.లీ.కి కుదించారు. మామూలు ఫీడులో మిల్లీలీటరుకు ఒక క్యాలరీ ఉంటుంది కాబట్టి ఆయనకు అందుతున్నవి 900 క్యాలరీలు. కిలోకు 27 చొప్పున లెక్కేస్తే కావలసినవి దాదాపు 1500. అంటే 60 శాతం. పరిమితి దాటకూడదనే కదా తిండి తగ్గించారు, మరి పరిమితైనా నిలిచిందా?

లేదు. రోజుకు ఆరుసార్లు ఫీడు పోస్తూ, ప్రతిసారీ గొట్టం మూసుకుపోకుండా ముందు 20, తర్వాత 20 మి.లీ. నీళ్లు పోస్తున్నారు. అది 240. మాత్రలు నూరి నాలుగుసార్లు వేసేటప్పుడు 30 చొప్పున 120. యాంటీబయాటిక్ కలిపిన సెలైన్ రెండుసార్లు, 100 చొప్పున 200. ఫీడు ఒక్కదాన్నే లెక్కలో రాశారు. మిగతా 560 మి.లీ. చార్టులో ఎక్కడా లేదు. కలిపితే రోజుకు 1460. పెద్దాయన అర్ధాకలితో ఉన్నారు, పరిమితీ దాటింది. చాలా వార్డుల్లో జరిగేది సరిగ్గా ఇదే. ఇందులో నర్సును తప్పు పట్టడానికి లేదు. మందుల నీళ్లు రాయడానికి చార్టులో గడే లేకపోతే ఆమె ఎక్కడ రాయాలి?

రెండో చిక్కు మాటలోనే ఉంది. 1200 అంటే గొట్టంలోకి, నరంలోకి వెళ్లే మొత్తం ద్రవమా, లేక అందులో ఉన్న నీరు మాత్రమేనా? ఫీడు అంతా నీరు కాదు. మామూలు ఫీడులో దాదాపు 84 శాతం, మిల్లీలీటరుకు ఒకటిన్నర క్యాలరీలుండే చిక్కటి ఫీడులో 77, రెండు క్యాలరీలుండే దాంట్లో 70 శాతం నీరుంటుంది. గుండె డాక్టరు ఒక అర్థంతో రాస్తే, వార్డు ఇంకో అర్థంతో అమలు చేస్తుంది. సమావేశంలో తేల్చవలసిన తొలి ప్రశ్న ఇదే. ప్రణాళికలో పై వరుసలోనే ఉండాలి.

దాని కింద రెండు దారులు రాయవచ్చు, ఏ దారికి ఏం ఖర్చవుతుందో కూడా చెబుతూ.

మొదటిది, ఒకటిన్నర క్యాలరీల ఫీడు. లీటరు పోస్తే 1500 క్యాలరీలు. ఐదుసార్లు, 200 చొప్పున. గొట్టం కడిగే నీళ్లు అప్పుడు 200కు దిగుతాయి. మాత్రలు ఫీడు వేళకే కలిపి వేస్తే అదనంగా 60 చాలు. యాంటీబయాటిక్‌ను 100కు బదులు 50 మి.లీ.లో ఇవ్వొచ్చా అన్నది ఫార్మసిస్టు చెప్పాలి. కొన్ని మందులు తక్కువ నీటిలో ఇస్తే నరాన్ని దెబ్బతీస్తాయి కాబట్టి డైటీషియన్ దీన్ని సొంతంగా నిర్ణయించకూడదు. ఫార్మసిస్టు సరేనంటే నరంలోకి వెళ్లేది 100. నీరు మాత్రమే లెక్కేస్తే 770, 200, 60, 100 కలిపి 1130. పరిమితిలోనే ఉంది. మొత్తం ద్రవం లెక్కేస్తే మాత్రం 1360, దాటిపోయింది. మాంసకృత్తులు కిలోకు 1.2 గ్రాముల చొప్పున 66 గ్రాములు కావాలి. ఫీడు డబ్బా మీద లీటరుకు 60 అని ఉంటే, తక్కువైన 6 గ్రాముల పొడిని కడిగే నీళ్లలోనే కలిపేయొచ్చు.

రెండోది, డాక్టరుగారు ‘మొత్తం ద్రవమే 1200’ అంటే రెండు క్యాలరీల ఫీడు 750 మి.లీ. మిగతావి కలిపినా 1110. అంకె చూడటానికి బాగుంది. కానీ అందులో నీరు 885 మి.లీ. మాత్రమే, అంటే కిలోకు 16. మామూలు పెద్దలకు 30 దాకా అనుకుంటాం. పైగా మూత్రం తోడేసే మందు నడుస్తోంది, జ్వరమొస్తే చెమట కూడా పోతుంది. గుండెకు ఊరట దొరికినా కిడ్నీలు ఎండిపోవచ్చు. చిక్కటి ఫీడు కొందరికి విరేచనాలూ తెస్తుంది, నీరు ఇంకా తగ్గుతుంది.

అందుకే ఏ దారి పట్టినా ఏం చూసి వెనక్కి తిరగాలో ముందే రాయాలి. నాలుక ఎండిందా, చర్మం గిల్లితే ముడత నిలుస్తోందా అన్నవి ముసలివాళ్లలో నమ్మదగ్గ గుర్తులు కావు. నోటితో ఊపిరి పీల్చేవాళ్ల నాలుక ఎప్పుడూ ఎండే ఉంటుంది. రోజూ ఒకే వేళకు, ఒకే తూకం మీద బరువు చూడటం మేలు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతోందని అనుమానించాలి. బరువు తగ్గుతూ, యూరియా, క్రియాటినిన్ పెరుగుతూ, సోడియం 145 దాటితే నీరు చాలడంలేదని. సోడియం తగ్గిందంటే ఉప్పు పోయిందనే కంగారు పడనక్కర్లేదు. గుండె జబ్బులో అది చాలాసార్లు నీరెక్కువై పలచబడటమే. అప్పుడు ఉప్పు కలిపితే పరిస్థితి ఇంకా చెడుతుంది.

ప్రణాళిక అడగాల్సిన మరో మాట ఉంది: ఈ పరిమితి ఎందుకు, ఎన్నాళ్లు? చేరిన రోజు ఆయాసం, కాళ్లవాపు చూసి రాసిన 1200, వాపు దిగిపోయాక కూడా ఎవరూ తీయకుండా అలాగే ఉండిపోవచ్చు. నెదర్లాండ్స్‌లో స్థిమితంగా ఉండి ఇంటి నుంచి వచ్చిపోయే 504 మంది గుండె వైఫల్య రోగుల మీద జరిగిన అధ్యయనం 2025లో వెలువడింది. రోజుకు 1500 మి.లీ. పరిమితి పాటించినవాళ్ల ఆరోగ్యం, ఇష్టం వచ్చినంత తాగినవాళ్లకంటే చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదు. దాహంతో అవస్థ మాత్రం పరిమితి ఉన్నవాళ్లకే ఎక్కువైంది. మంచం పట్టి, గొట్టంతో ఉన్న పెద్దాయనకు ఆ ఫలితాన్ని నేరుగా అన్వయించలేం. అయినా ‘ఈ పరిమితి ఎప్పుడు సడలిస్తారు?’ అని అడగడానికి అది మంచి ఆధారం.

ఇక కొడుకు ప్రశ్న. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, రక్తపరీక్ష చూడకుండా పోయకూడదు. పోస్తే 200 మి.లీ. లెక్కలో చేరిపోతుంది, కడుపులో ఫీడుకు చోటూ తగ్గుతుంది. ఇంట్లో కాచి వడకట్టిన రాగి జావ సంగతీ అంతే. గొట్టంలో దిగేంత పలచన చేస్తే మిల్లీలీటరుకు ఒక క్యాలరీ కూడా రాదు. మింగడం సురక్షితమని థెరపిస్టు చెప్పేదాకా నోట్లో పోయడానికీ లేదు. కానీ నాన్న దాహం నిజం. ప్రణాళికలో దానికో చోటు ఇవ్వాలి: రెండు గంటలకోసారి తడిపిన దూదిపుల్లతో నోరు తుడవడం, పెదవులకు వెన్న లాంటిది రాయడం. ఈ పని కొడుక్కే నేర్పించవచ్చు.

కాగితం చివర తేదీలుంటాయి. బుధవారం చిక్కటి ఫీడు మొదలు, తొలిరోజు 600 మి.లీ., తట్టుకుంటే గురువారం 800, శుక్రవారం లీటరు. చార్టులో ‘గొట్టం నీళ్లు, మందుల నీళ్లు’ అని కొత్త గడి, దాన్ని నింపేది ప్రతి షిఫ్టు నర్సు. బరువు రోజూ ఉదయం 7 గంటలకు. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ గురువారం ఉదయం. పరిమితి ఇంకా అవసరమా అన్నది గుండె డాక్టరు శుక్రవారం రౌండ్స్‌లో చెబుతారు.