పొరలు దాటినా పలచబడని సంకేతం

న్యూరల్ నెట్‌వర్క్‌కు శిక్షణ మొదలుపెట్టే ముందు దాని వెయిట్లకు ఏవో కొన్ని విలువలు ఇచ్చి తీరాలి. అన్నిటికీ ఒకే విలువ ఇస్తే ఒక పొరలోని న్యూరాన్లన్నీ ఒకే లెక్క చేస్తాయి, ఒకే సవరణ అందుకుంటాయి, చివరిదాకా ఒకదానికొకటి నకళ్లుగానే మిగిలిపోతాయి. అందుకే సున్నా సగటుగా ఉండే యాదృచ్ఛిక సంఖ్యలతో మొదలుపెడతారు. ఆ సంఖ్యలు ఎంత పెద్దవై ఉండాలన్నదే అసలు చిక్కు.

ఒక్కో పొరలో 256 న్యూరాన్లున్న నెట్‌వర్క్‌ను తీసుకుందాం. ప్రతి న్యూరాన్ కింది పొర నుంచి 256 విలువలు అందుకుని, ఒక్కోదాన్ని దాని వెయిట్‌తో గుణించి, అన్నిటినీ కూడుతుంది. వెయిట్లు సున్నా సగటుతో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటే ఆ కూడికలోని వేరియన్స్‌లు కూడా కలుస్తాయి. వేరియన్స్ అంటే విలువలు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత; దాని వర్గమూలమే ప్రామాణిక విచలనం. కాబట్టి మొత్తం వేరియన్స్ = 256 × వెయిట్ వేరియన్స్ × లోపలికొచ్చిన విలువల వర్గాల సగటు.

వెయిట్ల ప్రామాణిక విచలనం 0.01 అనుకుంటే, వాటి వేరియన్స్ 0.0001. దాన్ని 256తో గుణిస్తే 0.0256. అంటే ఒక పొర దాటేసరికి సంకేతం పరిమాణం 0.16 వంతుకు పడిపోతుంది. ఇది చక్రవడ్డీ లెక్కను తిరగేసినట్టు సాగుతుంది: పది పొరలకు మిగిలేది దాదాపు పది కోట్లలో ఒక వంతు. వెయిట్లను సవరించే గ్రేడియంట్ కూడా ఈ పలచబడ్డ విలువలతో గుణితమయ్యే వస్తుంది కనుక నేర్చుకోవడం దాదాపు జరగదు. పోనీ ప్రామాణిక విచలనం 1 పెడితే? కూడిక 16 రెట్లు చెదురుతుంది. ట్యాన్‌హెచ్ ఫంక్షన్ దేన్నైనా -1కీ +1కీ మధ్యకు నొక్కేస్తుంది. 3 దగ్గరకొచ్చేసరికే దాని వాలు 0.01కి తగ్గిపోతుంది. ఎక్కువ న్యూరాన్లు అంచుల్లో ఇరుక్కుని గ్రేడియంట్‌ను అక్కడే ఆపేస్తాయి.

ఈ రెంటికీ నడుమ దారి సూత్రంలోనే కనిపిస్తుంది. 256ను వెయిట్ వేరియన్స్‌తో గుణిస్తే 1 రావాలి. అంటే వేరియన్స్ 1/256, ప్రామాణిక విచలనం 0.0625. వెనక్కి వచ్చే గ్రేడియంట్‌కూ ఇదే లెక్క, కానీ అక్కడ లెక్కలోకొచ్చేది పొర నుంచి బయటికి వెళ్లే న్యూరాన్ల సంఖ్య. రెండు సంఖ్యలూ వేరైనప్పుడు రెండు షరతులూ ఒకేసారి కుదరవు. 2010లో జేవియర్ గ్లోరో, యోషువా బెంజియో రాజీగా వాటి సగటు తీసుకుని `2/(n_in + n_out)` అన్నారు. ట్యాన్‌హెచ్ సున్నా దగ్గర దాదాపు సరళరేఖ అన్న ఊహ మీద ఇది నిలబడింది. విలువలు 1 దరిదాపుల్లో ఉన్నప్పుడు ఆ ఊహ అంత నిజం కాదు. వేరియన్స్ మెల్లగా తగ్గుతూనే ఉంటుంది. అందుకే పైటార్చ్‌లో ట్యాన్‌హెచ్ కోసం వెయిట్లను 5/3 రెట్లు పెంచే గుణకం సూచిస్తారు.

రెలూ దగ్గర ఈ ఊహ పూర్తిగా కూలిపోతుంది. అది రుణ విలువలన్నిటినీ సున్నా చేస్తుంది. కూడికలు సున్నాకు ఇరువైపులా సమానంగా పరుచుకుని ఉంటాయి కనుక వర్గాల సగటు సరిగ్గా సగమవుతుంది. ఒక్క పొరలో సగం పోతే పెద్ద నష్టమేమీ కాదనిపిస్తుంది. కానీ 30 పొరల్లో అది 2³⁰ వంతు, అంటే సుమారు 107 కోట్లలో ఒక వంతు. కైమింగ్ హీ, సహచరులు 2015లో ఇచ్చిన మందు చాలా చిన్నది: పోయిన సగాన్ని ముందే రెట్టించి, వేరియన్స్‌ను `2/n_in` చేయడం. వారి ప్రయోగంలో 22 పొరల నెట్‌వర్క్ రెండు పద్ధతుల్లోనూ నేర్చుకుంది. 30 పొరలకు వచ్చేసరికి గ్లోరో పద్ధతిలో మొదలుపెట్టింది మొరాయించింది, కొత్త పద్ధతిలోది నడిచింది. ఒక్క 2 చేసిన తేడా అది.

దీన్ని పరీక్షించడం తేలిక:

```python
import torch
x = torch.randn(1000, 256)
for i in range(30):
    W = torch.randn(256, 256) * (2/256)**0.5
    x = torch.relu(x @ W)
    print(i, x.pow(2).mean().item())
```

ముద్రించే సంఖ్యలు 1 చుట్టూ ఎగుడుదిగుడుగా తిరుగుతాయి. సూత్రం చెప్పేది సగటున జరిగేది. పొర వెడల్పు తక్కువైన కొద్దీ ఈ ఊగిసలాట పెరుగుతుంది. `2/256` బదులు `1/256` పెడితే చివరి సంఖ్య వంద కోట్లలో ఒక వంతు స్థాయికి జారిపోతుంది. అసలు నెట్‌వర్క్‌లో నష్టం తగ్గకుండా మొండికేస్తే మొదట చూడాల్సింది ఇదే: ఒక విడత డేటా పంపి, పొర పొరకూ ఈ విలువ ఎటు పోతోందో గమనించాలి.

ఈ లెక్కంతా శిక్షణ మొదలయ్యే క్షణానికే వర్తిస్తుంది. వెయిట్లు మారాక దానికి హామీ లేదు. పొర లోపలికొచ్చిన విలువను దాని ఫలితానికే కలిపే రెసిడ్యువల్ నెట్‌వర్క్‌లలో ఇది తలకిందులవుతుంది కూడా. శాఖ వేరియన్స్‌ను చక్కగా నిలిపితే, కూడిక తర్వాత అది సుమారు రెట్టింపవుతుంది. ఎక్కడా నార్మలైజేషన్ లేకపోతే 30 బ్లాకులకు మళ్లీ 107 కోట్ల రెట్లు, ఈసారి పైకి. అందుకే అక్కడ ప్రతి శాఖలోని చివరి పొరను సున్నా వెయిట్లతో మొదలుపెట్టే పద్ధతి ఉంది. శాఖలోని మిగతా పొరలు యాదృచ్ఛికంగానే ఉంటాయి కనుక న్యూరాన్లు నకళ్లు కావు.