వార్తల్లో పదం: దశల చెల్లింపు

ఇందిరమ్మ ఇళ్ల పథకంలో రూ.5 లక్షలు ఒకేసారి చేతికి రావు. బేస్‌మెంట్ పూర్తయ్యాకే మొదటి లక్ష. పని చూసి పైసలు ఇవ్వడమే దశల చెల్లింపు. మర్పల్లిలో సొంత ఖర్చుతో ఇల్లు గుత్తకిచ్చేవారికీ ఇదే పద్ధతి మంచిది.

రూ.10 లక్షల ఒప్పందం అనుకుందాం. స్లాబ్ పడేసరికి మేస్త్రీ 8 లక్షలు తీసుకుంటే, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, తలుపులు, కరెంటు పని మిగిలిన 2 లక్షల్లో తేలవు. పని ఆగేది సాధారణంగా ఇక్కడే. అందుకే స్లాబ్ వరకు మొత్తం 6 లక్షలు దాటకుండా రాసుకోవాలి. చివరి 50 వేలు ఒక వానాకాలం గడిచాక ఇస్తామనాలి. స్లాబ్ కారేదీ లేనిదీ అప్పుడే బయటపడుతుంది.

గడువు దాటితే? వారానికింత కోత అని రాసుకున్నా, కోర్టు ఆ అంకెకు లోబడి సబబైన పరిహారమే ఇప్పిస్తుంది. ఆలస్యమైన పనిని మారుమాట లేకుండా ఒప్పుకుంటే కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ కింద ఆ హక్కు కూడా పోవచ్చు. ‘పరిహారం అడుగుతా’ అని అప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి. వాట్సాప్ సందేశమైనా పంపండి, నోటిమాటను రుజువు చేయడం కష్టం.

సొంత జాగాలో కట్టించుకునే ఇంటికి రెరా వర్తించదు. పని నాసిరకమైతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. పగుళ్ల ఫొటోలు, చెల్లింపు రసీదులతోపాటు ఇంజినీర్ నివేదిక ఉంటేనే కేసుకు బలం.