నాన్న నంబరు నా పేరు మీదికి

తెనాలిలో ఒక కిరాణా కొట్టు ఉందనుకుందాం. యజమాని కాలం చేశారు. సరుకు వేసేవాళ్లు, ఖాతాదారులు, బంధువులు అందరూ ఆయన నంబరుకే ఫోన్ చేస్తారు. కొడుకు ఆ నంబరు నిలుపుకోవాలంటే రీఛార్జి చేస్తూ వాడుకుంటే సరిపోదు. కనెక్షన్ చనిపోయిన మనిషి పేరునే ఉంటుంది. రేపు సిమ్ పాడైతే కొత్తది తీసుకోవడానికి ఆయన రావాలి కదా! వేరే కంపెనీకి మారాలన్నా ఇదే చిక్కు. అందుకే పేరు మార్పు కోరుతూ ఉత్తరం రాయాలి.

ఈ ఉత్తరంలో దుఃఖాన్ని వివరించక్కర్లేదు. కౌంటరులో ఉన్న మనిషి వెతికేది మూడే: ఎవరి నంబరు, అడిగేవారు ఆయనకు ఏమవుతారు, మిగతా వారసులు ఒప్పుకున్నారా. ఇలా రాస్తే చాలు:

“అయ్యా, ఈ కింది నంబరు మా నాన్నగారి పేరున ఉంది. ఆయన ఫలానా తేదీన మరణించారు. నేను ఆయన కుమారుణ్ణి. ఈ నంబరును నా పేరు మీదికి మార్చవలసిందిగా కోరుతున్నాను. మా అమ్మకు, చెల్లెలికి అభ్యంతరం లేదు. వారి సంతకాలతో అంగీకార పత్రం జతచేశాను. మీ రికార్డులో ‘వెంకటేశ్వరరావు’, మరణ ధ్రువపత్రంలో ‘వెంకటేశ్వర్లు’ అని ఉన్నా ఇద్దరూ ఒకరే. బకాయి ఉంటే చెల్లిస్తాను.”

చివరి రెండు వాక్యాలను చాలామంది వదిలేస్తారు. పని ఆగేది తరచూ అక్కడే. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక ఉండటం మన కాగితాల్లో మామూలే. తేడాను మనమే ముందు చెప్పి, రెండు పేర్లూ ఒకరివేనని చూపే పాత కాగితం ఏదైనా జతచేస్తే అనుమానానికి తావుండదు.

ఉత్తరంతో మరణ ధ్రువపత్రం, కొడుకు ఆధార్, ఫొటో తీసుకెళ్లాలి. బంధుత్వం చూపడానికి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం గట్టి ఆధారం. కంపెనీని బట్టి కాగితాలు కాస్త మారతాయి కాబట్టి ముందే అడిగి వెళ్లడం మంచిది. వీధిలోని రీఛార్జి దుకాణానికి కాకుండా కంపెనీ సొంత స్టోరుకే వెళ్లి, ఉత్తరం నకలు మీద ముద్ర వేయించుకోవాలి. కొడుకు పేరున కొత్త దరఖాస్తు నింపి, మళ్లీ గుర్తింపు తనిఖీ చేస్తారు.

ఈలోగా రీఛార్జి ఆపకూడదు. వాడకం లేకుండా 90 రోజులు దాటితే కనెక్షన్ రద్దు కావచ్చు. ఆ తర్వాత నంబరు మరొకరికి వెళ్లిపోతే ఏ ఉత్తరమూ దాన్ని వెనక్కి తేలేదు.

ఒక హెచ్చరిక. నంబరు కొడుకు పేరున మారినంత మాత్రాన దానికి వచ్చే ఓటీపీతో నాన్న ఖాతాలో డబ్బు తీసే హక్కు రాదు. మరణ విషయం బ్యాంకుకు విడిగా తెలిపి, నామినీ ద్వారానో వారసుల ద్వారానో ఆ డబ్బు తీసుకోవాలి. పేరు మారిందో లేదో ‘సంచార్ సాథీ’ పోర్టల్‌లో చూసుకోవచ్చు. కొడుకు పేరున ఉన్న కనెక్షన్ల జాబితాలో ఆ నంబరు కనిపించాలి.