లోలకం ఒకటే, రికార్డులు నాలుగు

ఫిజిక్స్ ల్యాబ్‌లో సరళ లోలకం దగ్గర నలుగురు పిల్లలు ఉన్నారనుకుందాం. ఒకరు గోళాన్ని వదులుతారు, ఒకరు స్టాప్‌వాచ్ నొక్కుతారు, ఒకరు డోలనాలు లెక్కపెడతారు, ఒకరు రాసుకుంటారు. ఇరవై డోలనాలకు పట్టిన కాలం ఇలా వచ్చింది: దారం పొడవు 60 సెంటీమీటర్లప్పుడు 31.1 సెకన్లు, 80కి 34.1, 100కి 40.2, 120కి 44.0. రికార్డు మాత్రం ఎవరిది వాళ్లే రాయాలి.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. నాలుగు రికార్డుల్లో ఒకే అంకెలుంటే కాపీ అంటారేమోనని ఒకరు 40.2ను 40.3 చేస్తారు, మరొకరు 40.1 చేస్తారు. కాపీ నింద తప్పించుకోబోయి లేని కొలతను పుట్టించడమిది, కాపీ కంటే పెద్ద తప్పు. కొలిచింది ఒక్కసారే కాబట్టి పట్టిక నలుగురికీ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. దాని కింద ఒక వాక్యం చాలు: "ఈ రీడింగులు మా బృందంలోని నలుగురం కలిసి తీసుకున్నవి, గ్రాఫు, లెక్కలు, చర్చ నావి." మిగతా ముగ్గురి పేర్లు, తేదీ కూడా రాయాలి. ఆ రోజు ల్యాబ్‌కు రానివారు ఆ మాటా రాయాలి. "మేం కొలిచాం" అని వాళ్లు రాస్తే అబద్ధమవుతుంది.

సొంత పని పట్టిక తర్వాత మొదలవుతుంది. 60, 100, 120 పొడవులకు గురుత్వ త్వరణం సుమారు 9.8 వస్తుంది. 80 దగ్గర మాత్రం 10.86కి ఎగిరిపోతుంది. ఒకరు దాన్నీ కలిపి సగటు తీస్తే 10 దాటుతుంది. ఇంకొకరు గ్రాఫులో ఆ చుక్క గీతకు దూరంగా ఉందని చూసి, కారణం చెప్పి వదిలేస్తారు. మూడో విద్యార్థికి ఒక అనుమానం వస్తుంది: గోళం వదిలిన క్షణాన్నే "ఒకటి" అన్నామా? అప్పుడు "ఇరవై" అనేసరికి పూర్తయినవి పంతొమ్మిదే. 34.1ను 19తో భాగిస్తే లెక్క మళ్లీ 9.8కి వచ్చేస్తుంది. ముచ్చటైన ఊహే, కానీ ఊహ అనే రాయాలి. పట్టికలో 34.1ని చెరిపి 35.9 వేయకూడదు. వీలైతే మళ్లీ కొలిచి, దాన్ని కొత్త వరుసలో రాసుకోవచ్చు.

ముందుగా ముగ్గురూ కూర్చుని ఈ అనుమానం మాట్లాడుకున్నా తప్పులేదు. ఆలోచన మిత్రుడిదైతే అతని పేరు చెప్పి, పుస్తకం మూసి, అర్థమైనంత సొంత మాటల్లో రాస్తే సరి. ఒకరి పేజీ పక్కన పెట్టుకుని పదాలు అటూ ఇటూ మార్చడం వేరు.

దిద్దే లెక్చరర్‌కు తేడా ఇట్టే తెలుస్తుంది. నలుగురికీ 34.1 ఉంటే ఆవిడ పట్టించుకోరు. 10.86 నాలుగు పుస్తకాల్లోనూ 10.68గా తారుమారైతే మాత్రం పెన్ను ఆగుతుంది. ఆ తర్వాత వైవాలో ఒకటే అడుగుతారు: "80 దగ్గర ఏమైందమ్మా?"