125 ఎంఎల్లా, 125 చుక్కలా?

ప్రశ్న చిన్నదే. రోగికి 1000 ఎంఎల్ నార్మల్ సెలైన్ 8 గంటల్లో ఎక్కించాలి, నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి? నర్సింగ్‌లో చేరిన విద్యార్థులు మొదట నేర్చుకునే లెక్కల్లో ఇదొకటి. చాలామంది 1000ని 8తో భాగించి 125 అని రాసేసి పక్క లెక్కకు వెళ్లిపోతారు. భాగహారం సరిగ్గానే ఉంది. కానీ ఆ 125 గంటకు ఎక్కాల్సిన ఎంఎల్. అడిగింది నిమిషానికి పడాల్సిన చుక్కలు.

ఆ 125నే చుక్కలనుకుని వార్డులో డ్రిప్ వదిలితే ఏమవుతుంది? మామూలు ఐవీ సెట్‌లో 20 చుక్కలు కలిస్తే ఒక ఎంఎల్. అంటే 125 చుక్కలు 6.25 ఎంఎల్. నిమిషానికి 6.25 చొప్పున గంటకు 375 ఎంఎల్ లోపలికి పోతుంది. ఎనిమిది గంటలు నడవాల్సిన సెలైన్ 2 గంటల 40 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఆరోగ్యవంతుడైన యువకుడు దీన్ని తట్టుకోవచ్చు. గుండె బలహీనంగా ఉన్న పెద్దవయసు రోగికైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది.

సరైన దారి ఇది. ముందు గంటలను నిమిషాలు చేయాలి: 8 × 60 = 480. తర్వాత ఎంఎల్‌ను చుక్కలు చేయాలి: 1000 × 20 = 20,000. మొత్తం చుక్కలను మొత్తం నిమిషాలతో భాగిస్తే 41.67. ముక్క చుక్క పడదు కాబట్టి 42. ఈ లెక్కలో సూత్రం బట్టీ పట్టాల్సిన పనే లేదు. బాటిల్‌లో ఎన్ని చుక్కలున్నాయి, ఎన్ని నిమిషాల్లో పడాలి అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఇక్కడ 20 అన్న అంకె ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడాలి. అది సెలైన్ లక్షణం కాదు, చుక్క రాలే గొట్టం లక్షణం. ఐవీ సెట్ కవరు మీద ఒక ఎంఎల్‌కు ఎన్ని చుక్కలో అచ్చువేసి ఉంటుంది. మన ఆసుపత్రుల్లో పెద్దలకు ఎక్కువగా వాడేది 20 చుక్కల సెట్. పిల్లలకు, కొలిచి కొలిచి ఇవ్వాల్సిన మందులకు వాడే మైక్రో సెట్‌లో 60 చుక్కలైతే గానీ ఒక ఎంఎల్ కాదు. 10, 15 చుక్కల సెట్‌లూ ఉన్నాయి. పరీక్ష పేపర్లో ఎప్పుడూ 20 చూసిన విద్యార్థి చేతికి వార్డులో మైక్రో సెట్ వస్తే, అలవాటు కొద్దీ 42 దగ్గరే పెట్టేస్తాడు. మైక్రో సెట్‌లో నిమిషానికి 42 చుక్కలంటే గంటకు 42 ఎంఎల్ మాత్రమే. ఉదయం పెట్టిన బాటిల్ మర్నాటి ఉదయం దాకా నడుస్తుంది. ఒళ్లంతా నీరు ఆరిపోయిన విరేచనాల రోగికి ఇది చాలదు.

అనుభవమున్న సిస్టర్లు కాగితం లేకుండా చేసే లెక్క ఒకటుంది. 20 చుక్కల సెట్ అయితే గంటకు ఎక్కాల్సిన ఎంఎల్‌ను 3తో భాగిస్తారు, 15 చుక్కల సెట్ అయితే 4తో. 125ని మూడుతో భాగిస్తే 41.67, పైన వచ్చిన జవాబే. మైక్రో సెట్‌కు భాగహారమే అక్కర్లేదు. గంటలో 60 నిమిషాలు, ఎంఎల్‌కు 60 చుక్కలు కాబట్టి గంటకు ఎన్ని ఎంఎల్లో నిమిషానికి అన్ని చుక్కలు. మొదటి లెక్కలో 125 అని రాసిన విద్యార్థి జవాబు ఈ ఒక్క సెట్‌కే సరిపోతుంది.

కాలం దగ్గర జరిగే ఇంకో పొరపాటు మరీ మామూలుగా కనిపిస్తుంది. 250 ఎంఎల్ ద్రవం రెండున్నర గంటల్లో ఎక్కించాలి. రెండున్నర గంటలను వాచీలో చూసినట్టు 2.30 అని రాసుకుని, అక్కడినుంచి 230 నిమిషాలని వేసేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. నిజానికి అది 150 నిమిషాలు. 250 × 20 = 5000 చుక్కలు, 150తో భాగిస్తే 33. తప్పు లెక్కలో 22 వస్తుంది. 33, 22 రెండూ నమ్మదగ్గ అంకెల్లాగే ఉంటాయి కాబట్టి చూపుకు తప్పు దొరకదు. వెనక్కి లెక్క వేస్తేనే దొరుకుతుంది. నిమిషానికి 22 చుక్కల చొప్పున 5000 చుక్కలు పడటానికి దాదాపు 3 గంటల 47 నిమిషాలు పడుతుంది. డాక్టరు రాసింది రెండున్నర గంటలు.

లెక్క సరిగ్గా వచ్చినా డ్రిప్ సరిగ్గా నడవాలని లేదు. రోగి చెయ్యి మడిచినా, స్టాండు ఎత్తు మారినా చుక్కల వేగం మారుతుంది. అందుకే ఒక పూర్తి నిమిషం చుక్కలు లెక్కపెట్టాలి, గంట తర్వాత బాటిల్ మట్టం చూడాలి. మన వార్డుల్లో ఇంకో కారణం కూడా ఉంది. బాటిల్ తొందరగా అయిపోతే ఇంటికి వెళ్లొచ్చని పక్కనున్న బంధువులే గొట్టం మీది చక్రాన్ని తిప్పేస్తుంటారు. అలా చేయకూడదు. డ్రిప్ ఆగినట్టు అనిపిస్తే సిస్టర్‌ను పిలవాలి.

మందు మోతాదు లెక్కలో కొలతల తికమక ఇంకో రూపంలో వస్తుంది. పిల్లవాడి బరువు 12 కిలోలు, జ్వరానికి డాక్టరు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ రాశారు. ఒక్క మోతాదు 12 × 15 = 180 మిల్లీగ్రాములు. చేతిలో ఉన్న సిరప్ మీద 5 ఎంఎల్‌లో 125 మిల్లీగ్రాములని ఉంది. విద్యార్థి 180ని 125తో భాగించి, 1.44 వస్తే అదే ఎంఎల్ అనుకుంటాడు. అది ఎంఎల్ కాదు, ఎన్ని అయిదు ఎంఎల్‌లు కావాలన్న లెక్క. 1.44ను 5తో గుణిస్తే 7.2 ఎంఎల్. 1.44 ఎంఎల్ మాత్రమే పోస్తే పిల్లవాడికి అందేది 36 మిల్లీగ్రాములు, కావలసిన దానిలో అయిదో వంతు. జ్వరం తగ్గలేదని ఇంకో మందు వెతకడం అక్కడ మొదలవుతుంది.

ఇంట్లో తల్లిదండ్రులకు దీనికి ఎదురు ప్రమాదం ఉంది. ఇదే మందు 5 ఎంఎల్‌లో 250 మిల్లీగ్రాములున్న సిరప్‌గానూ, ఒక్క ఎంఎల్‌లోనే 100 మిల్లీగ్రాములున్న పసిపిల్లల డ్రాప్స్‌గానూ దొరుకుతుంది. మన 12 కిలోల పిల్లవాడికి మొదటి సిరప్ 7.2 ఎంఎల్, రెండోది 3.6, డ్రాప్స్ 1.8 ఎంఎల్. పాత సీసా అలవాటుతో 7.2 ఎంఎల్ డ్రాప్స్ పోస్తే 720 మిల్లీగ్రాములు, అంటే రాసినదానికి నాలుగింతలు లోపలికి పోతుంది. అంత మోతాదు మళ్లీ మళ్లీ పడితే దెబ్బ తినేది కాలేయం. ‘ఎన్ని ఎంఎల్’ అన్న మాట సీసా మీది బలంతో కలిపి చెప్పినప్పుడే మోతాదు అవుతుంది.

ఐసీయూలో వేసే లెక్కలో ఈ కొలతలన్నీ ఒకేసారి ఎదురవుతాయి. రక్తపోటు పడిపోయిన రోగికి డోపమిన్ రాశారనుకుందాం. కిలో బరువుకు నిమిషానికి 5 మైక్రోగ్రాములు, బరువు 60 కిలోలు. డోపమిన్ ఆంపుల్‌లో 5 ఎంఎల్‌కు 200 మిల్లీగ్రాములుంటాయి. 500 ఎంఎల్ సెలైన్‌లోంచి 10 ఎంఎల్ తీసేసి, రెండు ఆంపుల్స్ కలిపితే 500 ఎంఎల్‌లో 400 మిల్లీగ్రాములయ్యాయి. మిల్లీగ్రాముకు వెయ్యి మైక్రోగ్రాములు కాబట్టి 4,00,000ను 500తో భాగిస్తే ఎంఎల్‌కు 800 మైక్రోగ్రాములు.

రోగికి నిమిషానికి కావలసింది 5 × 60 = 300 మైక్రోగ్రాములు. గంటకు 300 × 60 = 18,000. దాన్ని 800తో భాగిస్తే గంటకు 22.5 ఎంఎల్. పంపు ఉంటే 22.5 అని పెట్టాలి. ఇలాంటి మందుకు పంపే మేలు. లేనిచోట మైక్రో సెట్‌లో నిమిషానికి 22 లేదా 23 చుక్కలు.

ఈ లెక్కలో 60 రెండుసార్లు వచ్చింది, ఒకసారి కిలోలుగా, ఇంకోసారి నిమిషాలుగా. అంకె ఒకటే కావడంతో ‘60తో గుణించేశాం కదా’ అని ఒకదాన్ని వదిలేసేవాళ్లు ఎక్కువ. అప్పుడు 300ని 800తో భాగించి 0.375 అంటారు. అది నిమిషానికి ఎంఎల్, పంపు అడిగేది గంటకు. రెండో పొరపాటు సున్నా దగ్గర. 400 మిల్లీగ్రాములను 40,000 మైక్రోగ్రాములని రాస్తే జవాబు గంటకు 225 ఎంఎల్ అవుతుంది, పదింతలు. పంపు బటన్ నొక్కే ముందు సీసా ఎంతసేపు వస్తుందో చూసుకుంటే ఇది బయటపడుతుంది. 22.5 చొప్పున 500 ఎంఎల్ సుమారు 22 గంటలు నడుస్తుంది. 225 అయితే రెండుంపావు గంటల్లోపే ముగుస్తుంది. రెండు ఆంపుల్స్ డోపమిన్ అంత త్వరగా ఒంట్లోకి పోతే గుండె లయ తప్పుతుంది.

ఇలాంటి పొరపాటు నిజంగా ప్రాణం తీసిన ఘటన కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో 2006లో జరిగింది. ఒక క్యాన్సర్ రోగికి 5250 మిల్లీగ్రాముల ఫ్లోరోయురాసిల్‌ను నాలుగు రోజులపాటు చిన్న పంపు ద్వారా ఎక్కించాలి. ఎంఎల్‌కు 45.57 మిల్లీగ్రాముల బలమున్న ఆ మందు మొత్తం 115.2 ఎంఎల్. నాలుగు రోజులతో భాగిస్తే రోజుకు 28.8, దాన్ని 24తో భాగిస్తే గంటకు 1.2 ఎంఎల్. 24తో భాగించే ఆ చివరి మెట్టు తప్పిపోయింది. గంటకు ఎంఎల్ అడిగే పంపులో 28.8 పెట్టారు. మందు లేబుల్ మీద రోజుకు 28.8 అని, గంటకు 1.2 అని రెండూ ఉన్నాయి. రెండో నర్సు కూడా లెక్క సరిచూసింది, ఆమెకూ అదే అంకె వచ్చింది. నాలుగు రోజుల మందు నాలుగు గంటల్లో అయిపోయింది. సుమారు మూడు వారాల తర్వాత రోగి మరణించింది.

చదువుకున్నవాళ్లు, అనుభవమున్నవాళ్లు ఇద్దరు చూసినా ఎందుకు దొరకలేదు? ఇద్దరూ ఒకే దారిలో నడిచారు కాబట్టి. 28.8 అన్న అంకె లేబుల్ మీదే ఉంది, లెక్కలోనూ వచ్చింది. రెండూ కలిసేసరికి అనుమానానికి చోటు లేకపోయింది. అదే అంకెను వెనక్కి తిప్పి అడిగితే ఒక్క భాగహారంతో తేలిపోయేది: గంటకు 28.8 చొప్పున 115.2 ఎంఎల్ ఎన్ని గంటలు వస్తుంది? నాలుగు. డాక్టరు ఆర్డర్‌లో ఉన్నది నాలుగు రోజులు.

నర్సింగ్ విద్యార్థులు ఈ లెక్కలు సాధన చేసేటప్పుడు ప్రతి జవాబు పక్కనా రెండు సంగతులు రాయాలి. ఒకటి, అంకె వెంట దాని పూర్తి కొలత: నిమిషానికి చుక్కలా, గంటకు ఎంఎల్లా, ఒక్క మోతాదా, రోజు మొత్తమా. రెండు, ఆ వేగంతో సీసా ఎప్పటికి ఖాళీ అవుతుందన్న వెనక లెక్క. సరిచూసే రెండో మనిషి మొదటివాళ్ల జవాబు చూడకుండా డాక్టరు రాసిన ఆర్డర్ దగ్గరినుంచే మొదలుపెట్టాలి.