బ్రాంచిలో తగ్గిన సరుకు ఏ లెక్కలో బయటపడుతుంది?

విజయవాడలో ఒక బట్టల దుకాణం ఉంది, గుడివాడలో ఈ ఏడాదే బ్రాంచి తెరిచింది అనుకుందాం. సరుకు విజయవాడ నుంచే వెళ్తుంది, వసూలైన డబ్బు అక్కడికే వస్తుంది. జీతాలు, అద్దె హెడ్డాఫీసే కడుతుంది. ఇలాంటి బ్రాంచి లెక్కల్ని హెడ్డాఫీసు పుస్తకాల్లోనే రాస్తారు. అందుకు ఎక్కువగా వాడే పద్ధతులు రెండు.

మొదటిది రుణగ్రస్తుల పద్ధతి. ఇందులో బ్రాంచి పేరున ఉండేది ఒకటే ఖాతా. పంపిన సరుకు 8 లక్షలు, కట్టిన ఖర్చులు 70 వేలు డెబిట్ వైపు రాస్తారు. బ్రాంచి పంపిన 8 లక్షల నగదు, ఏడాది చివర మిగిలిన సరుకు అసలు ధర 1,04,000, ఖాతాదారుల దగ్గర ఉండిపోయిన బాకీ 50 వేలు క్రెడిట్ వైపు వస్తాయి. తేడా 84 వేలు లాభం. పని తేలిక, లాభం కూడా సరైనదే. కానీ సరుకులో ఏమైనా తగ్గిందా అంటే ఈ ఖాతా చెప్పలేదు.

రెండోది స్టాకు, రుణగ్రస్తుల పద్ధతి. ఇక్కడ సరుకుకు, బాకీలకు, ఖర్చులకు వేర్వేరు ఖాతాలుంటాయి. అదే సరుకును అసలు ధరపై 25 శాతం కలిపి, 10 లక్షల అమ్మకం ధరకు స్టాకు ఖాతాలో రాస్తారు. నగదు అమ్మకాలు 6 లక్షలు, అరువు అమ్మకాలు రెండున్నర లక్షలు. అంటే షాపులో లక్షన్నర సరుకు ఉండాలి. లెక్కపెడితే లక్షా 30 వేలే ఉంది. తగ్గిన 20 వేలు ఇక్కడ బయటపడతాయి. అందులో కలిపిన లాభం 4 వేలు తీసేస్తే అసలు నష్టం 16 వేలు.

అమ్మిన ఎనిమిదిన్నర లక్షల సరుకులో లాభం 1,70,000. అందులోంచి ఖర్చులు 70 వేలు, తగ్గిన సరుకు 16 వేలు పోతే మళ్లీ అదే 84 వేలు. లాభం మారలేదు, అది ఎక్కడ తగ్గిందో మాత్రం తెలిసింది. బాకీలదీ అంతే. రాని బాకీలు, ఇచ్చిన డిస్కౌంట్లు విడిగా కనిపిస్తాయి.

అయితే లోటు కనిపించగానే దొంగతనం అనుకోకూడదు. పండగ డిస్కౌంటు రాయకపోయినా, గుడ్డ కోతలో ఎక్కువ పోయినా ఇలాగే తేడా వస్తుంది. బేరమాడి రాసిన ధర కంటే ఎక్కువకు అమ్మితే, ఆ మిగులు నిజమైన లోటును కప్పేస్తుంది కూడా. అందుకే స్థిర ధరకు అమ్మే దుకాణాలకే ఈ పద్ధతి బాగా సరిపోతుంది.

యజమాని రోజూ వెళ్లి చూసుకునే చిన్న బ్రాంచికి మొదటి పద్ధతి చాలు. మేనేజరు మీద వదిలేసిన బ్రాంచికి రెండోదే పెట్టుకోండి, సరుకును మాత్రం ఏడాది చివరి దాకా ఆగకుండా మూడు నెలలకోసారి లెక్కపెట్టించండి.