సగమే రాసిన ఫుట్‌నోట్: గ్రంథాలయానికి ఒక ఉత్తరం

పాత సాహిత్య చరిత్ర పుస్తకాల్లో ఫుట్‌నోట్లు చాలా పొదుపుగా ఉంటాయి. ఆ సంపుటాలు చదువరి చేతికి అందేచోటే ఉంటాయన్న నమ్మకంతో రచయితలు రెండు అక్షరాలు, ఒక అంకె వేసి ఊరుకున్నారు. ఇప్పటి విద్యార్థికి అవి అర్థం కావు. అలాంటప్పుడు గ్రంథాలయానికి ఎలా రాయాలో చూపడానికి ఒక నమూనా ఉత్తరం తీసుకుందాం.

"గ్రంథపాలకులకు నమస్కారం. నేను ఎం.ఏ. తెలుగు విద్యార్థిని. మా కాలేజీలోని ఒక పాత పాఠ్యపుస్తకంలో రాజరాజనరేంద్రుని పట్టాభిషేకం క్రీ.శ. 1022లో జరిగిందని ఉంది. దాని కింద ఫుట్‌నోట్‌లో 'ఇం.ఆం., సం. 14, ఫ్లీట్' అని మాత్రమే వేశారు. వ్యాసం పేరు గాని, పుట సంఖ్య గాని లేవు. 'సం. 14' అంటే 1914 అనుకుని ఆ ఏడాది సంపుటం చూశాను. ఈ విషయం కనబడలేదు. ఫుట్‌నోట్ ఉన్న పుట, పుస్తకం ముఖపత్రం ఫోటోలు జతచేస్తున్నాను. అసలు ఆధారం ఎక్కడుందో తెలియజేయగలరు."

ఈ ఉత్తరంలో గ్రంథపాలకునికి కావలసినవన్నీ ఉన్నాయి. ఫుట్‌నోట్ ఉన్నదున్నట్టు ఉంది, దానిపైన పాఠ్యపుస్తకం చెప్పిన విషయం ఉంది, ఎక్కడ వెతికి విఫలమయ్యారో ఉంది. వీటిలో అన్నిటికన్నా విలువైనది 1022 అన్న మాట. అంకె తప్పుగా అచ్చయినా, విషయాన్ని పట్టుకుని అసలు చోటికి చేరవచ్చు.

ముందుగా పొడి అక్షరాల సంగతి. శాసనాల గురించి మాట్లాడేచోట, పక్కన ఫ్లీట్ పేరు కూడా ఉంటే, 'ఇం.ఆం.' అంటే 'ఇండియన్ ఆంటిక్వెరీ'. జేమ్స్ బర్జెస్ 1872లో బొంబాయి నుంచి మొదలుపెట్టిన పత్రిక అది. ఏడాదికొక సంపుటం కాబట్టి, సంపుటం అంకెకు 1871 కలిపితే సంవత్సరం వస్తుంది. 14వ సంపుటం 1885 నాటిది. 1914లో వచ్చింది 43వ సంపుటం. విద్యార్థి దారి తప్పింది ఇక్కడే: 'సం.' అంటే సంవత్సరం కాదు, సంపుటం.

సరైన సంపుటం దొరికినా ఇంకో చిక్కు ఉంది. విషయసూచికలో రాజరాజనరేంద్రుని పేరు కోసం చూస్తే వెంటనే కనబడకపోవచ్చు. ఫ్లీట్ తన శాసన వ్యాసాలను 'సంస్కృత, ప్రాచీన కన్నడ శాసనాలు' అనే అర్థం వచ్చే ఒకే శీర్షిక కింద వరుస నంబర్లతో వేసేవాడు. మన తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు కూడా ఆ శీర్షిక కిందే ఉంటాయి. స్కాన్ చేసిన ప్రతిలో వెతికినా, పేర్ల మీద వాడిన గుర్తులను కంప్యూటర్ తప్పుగా చదవడం వల్ల ఫలితం రాకపోవచ్చు.

అందుకని గ్రంథపాలకులు మరోవైపు నుంచి వస్తారు. కీల్‌హార్న్ తయారుచేసిన దక్షిణ భారత శాసనాల పట్టిక 'ఎపిగ్రాఫియా ఇండికా' 7వ సంపుటానికి అనుబంధంగా ఉంది. వంశాల వారీగా, ఏ శాసనం ఎక్కడ అచ్చయిందో అందులో చూడవచ్చు. తూర్పు చాళుక్యుల దగ్గర రాజరాజు పేరు పట్టుకుంటే కోరుమిల్లి శాసనం దొరుకుతుంది. దాన్ని ఫ్లీట్ ప్రకటించింది 14వ సంపుటం, 48వ పుట నుంచి.

పుట దొరకగానే పని అయిపోయినట్టు కాదు. పాఠ్యపుస్తకం చెప్పిన మాట అక్కడ ఉందో లేదో చూడాలి. కోరుమిల్లి శాసనంలో 1022 అన్న అంకె ఉండదు. పట్టాభిషేక శక సంవత్సరాన్ని వేదాలు, సముద్రాలు, నిధులు అనే మాటలతో చెప్పారు. అవి 4, 4, 9. ఇలాంటి లెక్కను కుడి నుంచి ఎడమకు చదవాలి కాబట్టి శకం 944. దానికి 78 కలిపితే 1022. సూర్యుడు సింహరాశిలో ఉండగా, బహుళ విదియ, గురువారం అని కూడా ఉంది. పండితులు దీన్ని 1022 ఆగస్టు 16గా లెక్కకట్టారు. మాట, ఆధారం కలిశాయి కాబట్టి ఇదే అసలు చోటు.

కలవకపోతే? 14, 16 రోమన్ అంకెల్లో సులువుగా తారుమారవుతాయి కాబట్టి ముందు 16వ సంపుటం చూడాలి. అక్కడా లేకపోతే, పాఠ్యపుస్తక రచయిత ఆ ఫుట్‌నోట్‌ను ఇంకో పుస్తకం నుంచి ఎత్తి రాసి ఉండవచ్చు. అప్పుడు ఆయన పేర్కొన్న మిగతా పుస్తకాల్లో ఇదే వాక్యం కోసం వెతకాలి.

గ్రంథాలయం జవాబు వచ్చాక విద్యార్థి తన వ్యాసంలో 'ఫ్లీట్, ఇండియన్ ఆంటిక్వెరీ, సంపుటం 14, 1885, పుట 48 నుంచి' అని పూర్తిగా రాయాలి. ఆ పుటలు తాను స్వయంగా చదివితేనే అలా రాయాలి. చదవకపోతే, ఫలానా పాఠ్యపుస్తకంలో ఉదహరించినట్టుగా అని చెప్పాలి. ఆ తేడా చూపిస్తే, తర్వాత చదివేవారు ఎవరి మాటను ఎంతవరకు నమ్మాలో తేల్చుకోగలుగుతారు.